టూర్ అడ్వాన్స్ లెక్క: ఉద్యోగి ఖాతా సున్నా అయ్యేదాకా

చిన్న కంపెనీలో క్యాష్ తేడా వచ్చిందంటే ముందు చూడాల్సింది క్యాష్ పెట్టెలోని చీటీలను. ‘వైజాగ్ టూర్, 9,000’ అని పెన్సిల్‌తో రాసిన ముక్క ఒకటి తప్పకుండా దొరుకుతుంది. సాయంత్రం డబ్బు లెక్కపెట్టేటప్పుడు క్యాషియర్ ఆ చీటీని కూడా నోట్లతో కలిపి కూడతాడు. మొత్తం సరిపోతుంది, పుస్తకం మూసేస్తారు. ఆ తొమ్మిది వేలు ఇచ్చినట్టు ఖాతాలో ఎక్కడా ఉండదు. బిల్లులు వచ్చిన రోజున చీటీ చించేసి, ఖర్చయినంతకే ఓచర్ రాస్తారు. మిగిలిన డబ్బు తిరిగి వచ్చిందా, వస్తే ఏ రోజు వచ్చిందన్నది ఇక ఎవరూ తేల్చలేరు.

ఉద్యోగికి టూర్ కోసం ఇచ్చిన నగదు ఇంకా ఖర్చు కాదు. అతని దగ్గరున్న కంపెనీ డబ్బు అది. కాబట్టి ఇచ్చిన రోజే అతని పేరు మీద రాయాలి. బిల్లులు పెట్టి కొంత, డబ్బు తిరిగిచ్చి కొంత, ఆ ఖాతా సున్నా అయ్యేదాకా ఆ టూర్ ముగిసినట్టు కాదు. మీరు అకౌంట్స్ చూసే మనిషి అనుకుని, ఒక టూర్‌ను మొదటి నుంచి చివరిదాకా లెక్క కడదాం.

జీడిమెట్లలో పంపుసెట్లు తయారు చేసే ఒక చిన్న కంపెనీ అనుకోండి. విశాఖపట్నం ఆటోనగర్‌లోని కస్టమర్ దగ్గర పంపు ఆగిపోయింది. సర్వీస్ టెక్నీషియన్ సోమవారం రాత్రి రైలెక్కి, శుక్రవారం సాయంత్రం అక్కడి నుంచి బస్సులో బయల్దేరాలన్నది అనుకున్న ప్రకారం.

ఎంత ఇవ్వాలో తేల్చుకోవడం

‘ఓ పది వేలు ఇవ్వండి’ అని ఫోన్‌లో చెబితే ఇవ్వకండి. అడ్వాన్స్ ఫారం మీద ఎక్కడికి, ఏ పని మీద, ఎన్ని రాత్రులు అనేది ఉండాలి. పని చూసే మేనేజర్ సంతకం ఉండాలి. డబ్బు ఇచ్చే క్యాషియరే మంజూరు సంతకం కూడా పెట్టకూడదు.

ఆఫీసు ముందే కట్టేసిన వాటిని లెక్కలోంచి తీసేయండి. ఇక్కడ వెళ్లే రైలు టికెట్‌ను ఆఫీసే ఆన్‌లైన్‌లో బుక్ చేసింది. దాన్ని అడ్వాన్స్‌లో కలిపితే తర్వాత టూర్ బిల్లులో కూడా అదే టికెట్ కనిపిస్తుంది. అతను కావాలని పెట్టకపోవచ్చు, కానీ ఫైల్లో ఉన్న కాగితాలన్నీ జతచేసే అలవాటు అందరికీ ఉంటుంది. కంపెనీ కారులో పంపితే టోల్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఫాస్టాగ్‌ను ఆఫీసు రీఛార్జ్ చేస్తుంటే టోల్ కోసం చేతికి డబ్బివ్వక్కర్లేదు.

మన టెక్నీషియన్ చేతి నుంచి పెట్టాల్సినవి ఇవి. లాడ్జి గది రోజుకు 1,400, దాని మీద 5 శాతం జీఎస్టీ కలిపి 1,470. మూడు రాత్రులకు 4,410. బట్టా రోజుకు 500 చొప్పున నాలుగు రోజులకు 2,000. తిరుగు బస్సుకు 1,400. ఆటోలకు 800. అన్నీ కలిపితే 8,610. అనుకోని వాటికి 390 కలిపి 9,000 ఇస్తే సరిపోతుంది.

ఇక పది వేల పరిమితి గురించి. ఒకే రోజు ఒకే మనిషికి 10,000 దాటి నగదుగా చెల్లించిన ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకోరు. 2017-18కి ముందు ఈ పరిమితి 20,000 ఉండేది. అడ్వాన్స్ ఇచ్చిన రోజున అది ఖర్చు కాదు కాబట్టి ఈ నిబంధన దానికి నేరుగా తగలదు. చూసేది ఖర్చుగా మారినప్పుడు. టెక్నీషియన్ ఎనిమిది రాత్రులుండి, ఖాళీ చేసే రోజున లాడ్జికి 11,760 ఒక్కసారిగా నగదు కట్టాడంటే ఆ బిల్లుకు ఇబ్బంది. మొదట కట్టిన చెయ్యి అతనిదే అయినా డబ్బు, ఖర్చు కంపెనీవే. అందుకని బస ఎక్కువ రోజులైతే లాడ్జి డబ్బును ఆఫీసు నుంచే బ్యాంకు ద్వారా పంపండి, చేతి అడ్వాన్స్‌ను తిండికీ ఆటోలకూ సరిపడా ఉంచండి. అడ్వాన్స్ మొత్తమే పది వేలు దాటుతుంటే పైమొత్తాన్ని అతని బ్యాంకు ఖాతాలో వేయడం మంచిది. ఆడిటర్‌తో వాదించి గెలవొచ్చేమో గానీ ఆ వాదన పెట్టుకోవడమే దండగ.

డబ్బు చేతికిచ్చే రోజు

పేమెంట్ ఓచర్ ముందు, డబ్బు తర్వాత. ఓచర్ మీద టూర్‌కు ఒక నంబరు పెట్టండి, ఉదాహరణకు ‘వైజాగ్-07’. ఇకపై ఈ టూర్‌కు సంబంధించిన ప్రతి కాగితం మీదా ఇదే నంబరు ఉండాలి. మొత్తం 5,000 దాటింది కాబట్టి రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం స్టాంపు మీదుగా కాగితం మీదికి వచ్చేలా పెట్టించుకోండి.

నోట్ల వివరం ఓచర్ వెనక రాయండి: 500 నోట్లు 15, 100 నోట్లు 15. ఇలా ఇవ్వడానికి ఒక కారణముంది. అన్నీ ఐదు వందల నోట్లే ఇస్తే ఆటోవాడి దగ్గర చిల్లర లేదని రెండు వందల దూరానికి రెండు వందల యాభై ఇచ్చి వస్తారు, ఆ యాభైకి లెక్క ఉండదు.

టాలీలో ఉద్యోగి పేరు మీద `Loans & Advances (Asset)` గ్రూపు కింద ఒక లెడ్జర్ తెరవండి. జీతం అడ్వాన్స్ లెడ్జర్‌తో దీన్ని కలపకండి. జీతం అడ్వాన్స్ నెలనెలా కోసుకునేది, ఇది బిల్లులతో తీరేది. రెండూ ఒకేచోట ఉంటే బాకీ దేనిదో చెప్పలేరు. లెడ్జర్‌లో `Maintain balances bill-by-bill` అనే చోట `Yes` పెడితే ఒక్కో టూర్‌ను విడిగా చూడొచ్చు. `F5` పేమెంట్ ఓచర్‌లో 9,000 ఎక్కించేటప్పుడు రిఫరెన్స్‌గా ఆ టూర్ నంబరే ఇవ్వండి.

పాత టూర్ లెక్క తేలకుండా కొత్త అడ్వాన్స్ ఇవ్వకూడదన్న నియమం అందరూ రాసుకుంటారు, మొదటి అర్జెంట్ కాల్ రాగానే మర్చిపోతారు. కస్టమర్ ప్లాంట్ ఆగిపోయి ఉంటే మనిషిని ఆపలేరు, నిజమే. అలాంటప్పుడు కొత్త అడ్వాన్స్ ఇవ్వండి, కానీ వేరే టూర్ నంబరుతో, మేనేజర్ ప్రత్యేక సంతకంతో. పాతదాన్ని కొత్తదాంట్లో కలపడం మాత్రం వద్దు.

బయల్దేరే ముందు అతనికి చెప్పాల్సినవి రెండే. ఒకటి, బిల్లు కంపెనీ పేరు మీద, వీలైతే జీఎస్టీ నంబరుతో తీసుకోవాలి. రెండు, బస్సు టికెట్లు, మెషీన్ బిల్లులు దొరికిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆ థర్మల్ కాగితం మీది అక్షరాలు చొక్కా జేబులో చెమటకు, ఎండలో నిలిపిన కారు వేడికి వెలిసిపోతాయి. తిరిగొచ్చిన ఐదు పనిదినాల్లో లెక్క పెట్టాలని గడువు పెట్టడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. ఇంకొకటి, పది రోజులైతే ఏ ఆటోకు ఎంతిచ్చాడో అతనికే గుర్తుండదు.

బిల్లులు బల్ల మీదికి వచ్చాక

టెక్నీషియన్ ఒక రోజు ముందే పని ముగించుకుని శుక్రవారం ఉదయానికల్లా వచ్చేశాడు. సోమవారం టూర్ బిల్లు పెట్టాడు. లాడ్జి బిల్లు 3,300, బస్సు టికెట్ 1,350, మూడు రోజుల బట్టా 1,500, ఆటోలు 720, అక్కడి షాపులో కొన్న మెకానికల్ సీల్ 1,180. మొత్తం 8,050 రాసి, మిగిలిన 950 కూడా తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

కూడిక తర్వాత చూడొచ్చు. ముందు బిల్లులన్నిటినీ తేదీ, గంటల వరుసలో పేర్చండి. ఒక్కో బిల్లును విడిగా చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. వరుసలో పెడితేనే ఒకటి ఇంకోదాన్ని సమర్థిస్తుందో, కాదంటుందో తెలుస్తుంది.

మంగళవారం ఉదయం 8:10కి గదిలో దిగినట్టు లాడ్జి బిల్లు చెబుతోంది. ఆ పొద్దున చేరే రైలు టికెట్ మన దగ్గరే ఉంది, సరిపోయింది. ఖాళీ చేసింది గురువారం ఉదయం 7:50కి. ఆ లాడ్జిది ఇరవై నాలుగు గంటల లెక్క, కాబట్టి రెండు రోజుల అద్దె సరే. 8:10 దాటి ఉంటే మూడో రోజు అద్దె పడేది. బ్యాగు సైటుకు తీసుకెళ్లి, సాయంత్రం అక్కడి నుంచే ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్లాడు. ఆటోనగర్ నుంచి కాంప్లెక్స్‌కు యాప్ ఆటో రశీదు గురువారం సాయంత్రం 6:20ది. బస్సు 7:30కి. మొత్తం అల్లుకుంది.

ఇలా అల్లుకోని చోటే సమస్య. బస్సు ఎక్కిన రాత్రికి కూడా లాడ్జి అద్దె ఉంటుంది. లేదా సైటు రిపోర్టులో కస్టమర్ సంతకం బుధవారంతో ఆగిపోతుంది, బిల్లులు శుక్రవారం దాకా సాగుతాయి. లాడ్జి పుస్తకంలో వారం తేడాతో ఇచ్చిన రెండు బిల్లుల నంబర్లు 41, 42 అని పక్కపక్కనే ఉంటాయి. ఆ వారంలో ఆ లాడ్జికి ఇంకొక్కరూ రాలేదా?

టికెట్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. టికెట్ ఉందంటే ప్రయాణం చేసినట్టు కాదు. ఆన్‌లైన్ టికెట్‌ను ప్రింట్ తీసుకుని తర్వాత రద్దు చేస్తే, రీఫండ్ అతని ఖాతాకు వెళ్తుంది, ప్రింట్ మన ఫైలుకు వస్తుంది. వెయిటింగ్ లిస్టులో ఉన్న రైల్వే ఈ-టికెట్ చార్టు వేశాక కూడా కన్ఫర్మ్ కాకపోతే దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వెళ్తుంది. అలాంటి ప్రింట్ బిల్లు కిందకు రాదు. అనుమానం వస్తే, టికెట్ బుక్ చేసిన యాప్‌లో ఆ ప్రయాణం ‘పూర్తయింది’ అని చూపించమని అడగండి. అరనిమిషం పని, ఎవరినీ దొంగ అన్నట్టు కూడా ఉండదు.

యూపీఐ స్క్రీన్‌షాట్లు ఈ మధ్య బిల్లులకు బదులుగా వస్తున్నాయి. డబ్బు ఎవరికి వెళ్లిందో అది చెబుతుంది, దేనికి వెళ్లిందో చెప్పదు. లాడ్జికి కట్టిన స్క్రీన్‌షాట్ ఉంటే లాడ్జి బిల్లు కూడా ఉండాలి. నగదు అడ్వాన్స్ తీసుకుని సొంత ఫోన్‌తో కట్టడంలో తప్పేమీ లేదు, జేబులోని నోట్లు అతనివవుతాయి, అంతే. బిల్లు మొత్తం ఎంతో చూడండి, ఎలా కట్టాడన్నది తర్వాతి మాట.

బిల్లులు ఎప్పటికీ దొరకని ఖర్చులూ ఉంటాయి. స్టేషన్ నుంచి లాడ్జికి ఆటో 150, తిరిగొచ్చాక కూకట్‌పల్లిలో బస్సు దిగి ఇంటికి ఆటో 140. ఈ 290కి తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అని ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. మిగతా 430కి యాప్ రశీదులున్నాయి. బిల్లు లేదని ఈ 290 కొట్టేస్తే, వచ్చే టూర్‌లో దొంగ రశీదు పుస్తకం కొనుక్కొస్తారు. పది రూపాయల పుస్తకంతో ఎన్ని ఆటో బిల్లులైనా పుడతాయి. మనిషి సంతకంతో రాసిచ్చిన నిజం దానికంటే నయం. దీనికి ఒక టూర్‌కు ఇంత అని హద్దు పెట్టుకుంటే చాలు.

కోత, జీఎస్టీ, సామాను

లాడ్జి బిల్లు 3,300 దగ్గర ఆగుదాం. రెండు రోజుల గది 2,800, కేంద్ర జీఎస్టీ 70, రాష్ట్ర జీఎస్టీ 70, కలిపి 2,940. మిగతా 360 రూముకు తెప్పించుకున్న భోజనాలు. తిండికి రోజుకు 500 బట్టా ఇస్తున్నప్పుడు అదే తిండిని లాడ్జి బిల్లులో మళ్లీ ఇవ్వకూడదు. టూర్ బిల్లుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే, చాలాసార్లు తెలియకే జరుగుతుంది. బిల్లు మీద ఒకే మొత్తం ఉంటే, అతను దాన్నే ఎక్కించేస్తాడు.

ఇలాంటి కోతను మనిషి ఎదురుగా ఉన్నప్పుడే చెప్పండి. “అన్నా, ఈ మూడొందల అరవై భోజనాలవి, మీ బట్టాలోకి వస్తయి. అద్దె మటుకు ఇస్తున్నం” అంటే అక్కడితో అయిపోతుంది. చెప్పకుండా కోసి, నెల తర్వాత ‘మీ పేరున 360 బాకీ’ అంటే గొడవ. కోసిన మొత్తాన్నీ కారణాన్నీ టూర్ బిల్లు మీద ఎర్ర ఇంకుతో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

ఆ బిల్లు మీది జీఎస్టీ సంగతి చాలామంది అకౌంటెంట్లు తప్పుగా చేస్తారు. కంపెనీ జీఎస్టీ నంబరు బిల్లు మీద ఉంది కదా అని 140కి క్రెడిట్ తీసుకుంటారు, అంటే కంపెనీ కట్టాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకుంటారు. గది ఎక్కడుందో సేవ అక్కడే జరిగినట్టు లెక్క. లాడ్జి నంబరు 37తో మొదలవుతుంది, అది ఆంధ్రప్రదేశ్. మన కంపెనీ నంబరు 36తో మొదలవుతుంది, అది తెలంగాణ. ఆంధ్ర జీఎస్టీని తెలంగాణ రిజిస్ట్రేషన్ మీద వాడుకోవడం కుదరదు. మన కొనుగోళ్ల మీది పన్నును చూపించే జీఎస్టీ పట్టిక `GSTR-2B`లో కూడా ఆ బిల్లు క్రెడిట్ రానివాటి కింద కనిపిస్తుంది. కాబట్టి 2,940 మొత్తం ఖర్చే. అదే టూర్ వరంగల్‌కో కరీంనగర్‌కో అయితే, 36తో మొదలయ్యే లాడ్జి మన నంబరు వేసి బిల్లిస్తే, ఆ పన్నుకు క్రెడిట్ తీసుకోవచ్చు. బిల్లు మీద నంబరు వేయించుకోమని టెక్నీషియన్‌ను బతిమాలాల్సింది తెలంగాణ లోపలి టూర్లకే.

పన్ను శాతం కూడా ఒకసారి చూడండి. రోజుకు 7,500 వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. ఆ తర్వాతి తేదీతో 12 శాతం వేసిన బిల్లు వస్తే లాడ్జివాళ్ల సాఫ్ట్‌వేర్ పాతదన్నా అయి ఉండాలి, బిల్లు తేదీ నిజం కాదన్నా అయి ఉండాలి. అసలు జీఎస్టీ నంబరే లేకుండా పన్ను వసూలు చేసిన బిల్లు అయితే ఆ పన్ను భాగం గురించి అడగాల్సిందే.

మెకానికల్ సీల్ 1,180 ప్రయాణ ఖర్చు కాదు. టూర్ డబ్బుతో కొన్నాడు గనక టూర్ ఖర్చులోకి తోసేయడం సులువు, కానీ అలా చేస్తే కస్టమర్‌కు వేయాల్సిన బిల్లులో సీల్ ధర ఎక్కకుండా పోతుంది. దాన్ని సామాను ఖాతాలోకి మార్చి, బిల్లు జిరాక్సు ఒకటి సేల్స్ బిల్లింగ్‌కు పంపండి. ఈ షాపు కూడా ఆంధ్ర జీఎస్టీయే వేసింది కాబట్టి 1,180 మొత్తం సామాను ఖరీదులోనే పోతుంది.

ఒప్పుకున్న ప్రతి అసలు బిల్లు మీదా టూర్ నంబరు రాసి ‘చెల్లించాం’ అని అడ్డంగా ముద్ర కొట్టండి. ముద్ర లేని బిల్లు ఫైల్లోంచి బయటికి వచ్చి మూడు నెలల తర్వాత ఇంకో టూర్‌లో ప్రత్యక్షమవుతుంది. థర్మల్ బిల్లులకు జిరాక్సు జతచేయండి. వాటి అచ్చు మీద గమ్ము, సెల్లో టేపు వేయకండి, అక్షరాలు పోతాయి.

ఖాతాలో రాయడం

ఒప్పుకున్నది: లాడ్జి 2,940, బస్సు 1,350, ఆటోలు 720, బట్టా 1,500, సీల్ 1,180. మొత్తం 7,690. అడ్వాన్స్ 9,000లోంచి ఇది పోతే 1,310 తిరిగి రావాలి. అతను 950 తెచ్చాడు, కోసిన 360 కూడా కలిపి ఇచ్చాడు.

`F7` జర్నల్‌లో ఇలా వస్తుంది, ప్రయాణ ఖర్చు కింద లాడ్జి, బస్సు, ఆటోలు మూడూ కలిపి 5,010:

```
ప్రయాణ ఖర్చులు       డెబిట్   5,010
బట్టా               డెబిట్   1,500
సామాను కొనుగోలు     డెబిట్   1,180
టూర్ అడ్వాన్స్        క్రెడిట్  7,690
```

క్రెడిట్ వేసేటప్పుడు `Agst Ref` ఎంచుకుని ‘వైజాగ్-07’ పెట్టండి. ఆ తర్వాత 1,310కి `F6` రసీదు ఓచర్ వేరుగా వేసి, అదే రిఫరెన్స్ మీద క్రెడిట్ చేసి, నకలు అతనికివ్వండి. ఇప్పుడు ఆ టూర్ బాకీ సున్నా.

ఈ రెండు ఓచర్లనూ తప్పించుకోవడానికి చేసే అడ్డదారి, పాత 9,000 పేమెంట్ ఓచర్‌ను తెరిచి 7,690గా దిద్దడం. చివరి లెక్క ఒకటే వస్తుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ సోమవారం నుంచి ఈ సోమవారం వరకు క్యాష్ పెట్టెలో నిజంగా ఉన్నది 1,310 తక్కువ. దిద్దాక పుస్తకం మాత్రం ఉన్నట్టు చూపిస్తుంది. ఆ మధ్యలో ఎవరైనా క్యాష్ లెక్కపెట్టి రాసిన కాగితం ఉంటే రెండూ కలవవు. పైగా కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి, ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసుకునే సాఫ్ట్‌వేరే వాడాలన్న నిబంధన ఉంది. దిద్దిన సంగతి ఆడిటర్‌కు తెలుస్తుంది.

‘1,310 నా దగ్గరే ఉంచుకుంటా, వచ్చే వారం విజయవాడ పోవాలి కదా’ అన్నా ఒప్పుకోకండి. తీసుకుని రసీదివ్వండి, అవసరమైతే ఐదు నిమిషాల తర్వాత కొత్త నంబరుతో మళ్లీ ఇవ్వండి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది. నాలుగు టూర్ల మిగులు ఒకదాంట్లోకి ఒకటి దొర్లిన లెడ్జర్‌ను విప్పాల్సి వచ్చినప్పుడు అలా అనిపించదు.

కంపెనీయే ఇవ్వాల్సి వస్తే

ఇప్పుడు కథ ఇంకోలా అయిందనుకోండి. సీల్ కొనలేదు, పని ఒక రోజు పెరిగింది. నాలుగు రాత్రుల గది 5,880, ఐదు రోజుల బట్టా 2,500, బస్సు 1,350, ఆటోలు 960. మొత్తం 10,690. అడ్వాన్స్ కంటే 1,690 ఎక్కువ.

ముందుగా చూడాల్సింది ఆ అదనపు రోజుకు మంజూరు ఉందా అన్నది. మేనేజర్ వాట్సాప్‌లో ‘ఉండు’ అని చెప్పి ఉంటే ఆ సందేశం ప్రింట్ తీసి జతచేయండి. తర్వాత జర్నల్‌లో మొత్తం 10,690నీ టూర్ అడ్వాన్స్ లెడ్జర్‌కు క్రెడిట్ చేయండి. 9,000 దగ్గర ఆపకండి. లెడ్జర్ 1,690 క్రెడిట్‌కు తిరుగుతుంది, అంటే కంపెనీ అతనికి బాకీ. ఆ 1,690 ఇచ్చేటప్పుడు పేమెంట్ ఓచర్‌లో డెబిట్ పడాల్సింది అదే లెడ్జర్‌కు.

ఇక్కడ చెయ్యి జారుతుంది. డబ్బిచ్చేది క్యాషియర్, జర్నల్ వేసేది అకౌంటెంట్. క్యాషియర్ ‘వైజాగ్ టూర్ ఖర్చు’ అని 1,690ని నేరుగా ప్రయాణ ఖర్చుల్లో డెబిట్ చేస్తాడు. అప్పుడు ఒక టూర్‌కు ఖర్చు 12,380 అవుతుంది, అతని పేరున 1,690 క్రెడిట్ అలాగే నిలబడుతుంది. ఆరు నెలలకు ఎవరో ఆ నిల్వ చూసి ‘నీకు రావాల్సింది ఉంది’ అని మళ్లీ ఇస్తారు. పట్టుకోవడం తేలికే: అడ్వాన్స్ లెడ్జర్లలో క్రెడిట్ నిల్వ వారానికి మించి ఉందంటే, డబ్బు ఇంకా ఇవ్వలేదన్నా అయి ఉండాలి, ఇచ్చింది వేరే ఖాతాలో పడిందన్నా అయి ఉండాలి.

లెక్క పెట్టనివాళ్లు, మార్చి నెలాఖరు

ప్రతి సోమవారం టూర్ అడ్వాన్స్ లెడ్జర్లన్నీ తెరిచి, తిరిగొచ్చిన తేదీ దాటి ఐదు పనిదినాలైన వాళ్ల పేర్లు మేనేజర్‌కు పంపండి. పదిహేను రోజులైతే జీతంలో కోస్తామని అడ్వాన్స్ ఫారం మీదే ముందుగా రాయించి సంతకం తీసుకుని ఉండాలి. ఆ రాత లేకుండా కోస్తే కార్మిక చట్టం వైపు నుంచి మాట పడాల్సి వస్తుంది. ఉద్యోగం మానేసేవాళ్ల ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం మీద మీ సంతకం లేకుండా హెచ్‌ఆర్ డబ్బు వదలకూడదన్నది కూడా ముందే మాట్లాడుకోండి.

మార్చి 29న బయల్దేరి ఏప్రిల్ 2న వచ్చే టూర్ ప్రతి ఏడాదీ ఒకటి తగులుతుంది. బిల్లులు ఏప్రిల్‌లో వచ్చాయని మొత్తం ఖర్చును కొత్త ఏడాదిలో వేసేస్తారు. మార్చి 31 రాత్రి అతనికి ఫోన్ చేసి అప్పటిదాకా దేనికెంత అయిందో రాసుకోండి. 4,400 అయిందంటే ఆ మేరకు మార్చి 31 తేదీతోనే జర్నల్ వేసి, అడ్వాన్స్‌ను 4,600కు తగ్గించండి. బ్యాలెన్స్ షీటులో అతని పేరున ఉండాల్సింది ఆ రాత్రి అతని జేబులో ఉన్న డబ్బే. ఏప్రిల్‌లో బిల్లులు చూసినప్పుడు అటూ ఇటూ వచ్చే చిన్న తేడాను కొత్త ఏడాదిలో సరిచేయొచ్చు.